కొవ్వొత్తి ఆరాక నీళ్లెందుకు లేచాయి?

ఏడో తరగతి సైన్సు పీరియడు. మాస్టారు పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యలో కొవ్వొత్తి నిలబెట్టి వెలిగించారు. దానిమీద గాజు గ్లాసు బోర్లించారు. కాసేపటికి దీపం ఆరింది. నీళ్లు గ్లాసులోకి లేచాయి. "గ్లాసులో ఆక్సిజన్ అయిపోయింది. ఆ ఖాళీలోకి నీళ్లు వచ్చాయి. రాసుకోండి" అన్నారు. పిల్లలు రాసుకున్నారు. గంట కొట్టేశారు.

మనలో చాలామందిమి ఇలాగే చదువుకున్నాం. పంతులుగా నేనూ ఏళ్ల తరబడి ఇదే చెప్పాను. ఈ జవాబు సరైంది కాదు. ఆ సంగతి కనిపెట్టడానికి పెద్ద చదువులు అక్కర్లేదు, ఏడో తరగతి పిల్లలే కనిపెట్టగలరు. అయితే పాఠం వరస మార్చాలి. ముందు ఊహ, తర్వాత పరిశీలన, చివర్న వివరణ.

మొదటి పది నిమిషాలు అగ్గిపుల్ల గీయకూడదు. సామాను బల్లమీద పెట్టి ఒకే ప్రశ్న అడగాలి: "ఒక కొవ్వొత్తి పెడితే నీళ్లు ఇంత లేచాయనుకోండి. అదే గ్లాసు కింద మూడు పెడితే ఎంత లేస్తాయి? తక్కువా, అంతేనా, ఎక్కువా?" ప్రతివాడూ జవాబూ, దానికి కారణమూ కలంతో రాయాలి. పెన్సిలైతే తర్వాత చెరిపేస్తారు. ఆక్సిజన్ సంగతి విన్న పిల్లలు "అంతే" అని రాస్తారు. గ్లాసు ఒకటే, అందులో ఉన్న ఆక్సిజన్ ఒకటే కదా! వారి తర్కంలో తప్పులేదు. అందుకే ఈ ప్రశ్న మంచిది.

ఇక పరిశీలన. పళ్లెంలో అంగుళం లోతు నీళ్లు పోసి, చిటికెడు కుంకుమ కలిపితే మట్టం బాగా కనిపిస్తుంది. కొవ్వొత్తులు ఒకే ఎత్తువి ఉండాలి. గ్లాసును ప్రతిసారీ చల్లార్చి, తుడిచి, లోపలి పాత గాలి పోయేలా ఊపాలి. నీళ్లు లేచినచోట గ్లాసుమీద సిరాతో గీత పెట్టాలి. ఒక్కోటి మూడేసిసార్లు చేయాలి. మంట దగ్గర మాస్టారు నిలబడి ఉండాలి.

ఇక్కడొక చిక్కుంది. గ్లాసును మంటమీద కాసేపు పట్టుకుని దించితే నీళ్లు ఎక్కువ లేస్తాయి, గబుక్కున దించితే తక్కువ. కాబట్టి అన్నిసార్లూ ఒకే పిల్లవాడు ఒకే తీరున దించాలి. ఒకే పనికి గీతలు ఎక్కడెక్కడో పడుతుంటే చేతివాటంలో తేడా ఉందన్నమాట.

మూడు కొవ్వొత్తులకు నీళ్లు ఎక్కువ లేస్తాయి. రాసిన ఊహ తప్పింది. అప్పుడు పిల్లలు మళ్లీ కళ్లు పెట్టి చూస్తారు. గ్లాసు దించగానే అంచు కింద బుడగలు వస్తాయి. నీళ్లు దీపం వెలుగుతున్నంతసేపూ మెల్లగా లేవవు, ఆరాకే జోరుగా లేస్తాయి. ఆక్సిజన్ ఖర్చవడమే కారణమైతే, వెలుగుతున్నప్పుడే లేవాలి కదా!

ఇప్పుడు వివరణ వాళ్ల నోటనే వస్తుంది. మంటకు గాలి వేడెక్కి వ్యాకోచించింది, కొంత బుడగలుగా బయటికి పోయింది. దీపం ఆరాక మిగిలిన గాలి చల్లబడి కుంచించుకుంది. బయటి గాలి ఒత్తిడి నీళ్లను లోపలికి నెట్టింది. మూడు దీపాలకు వేడి ఎక్కువ, పోయిన గాలీ ఎక్కువే.

పాఠం అక్కడితో ముగియకూడదు. వివరణ నుంచి మరో ఊహ పుట్టాలి. "కారణం వేడే అయితే, దీపం లేకుండానే నీళ్లు లేవాలి." గ్లాసు నిండా చేయి పట్టేంత వేడినీళ్లు పోసి, నిమిషం ఆగి, పారబోసి, వెంటనే చల్లని నీళ్లలో బోర్లించండి. కొంచెమే అయినా నీళ్లు లేస్తాయి. మంటా లేదు, ఆక్సిజన్ ఖర్చూ లేదు! గాలిలో ఐదో వంతు ఆక్సిజన్ ఉన్నమాట నిజమే, దీపం కొంత వాడుకున్నమాటా నిజమే. కానీ నీళ్లు లేచిన ఎత్తు దానికి కొలత కాదు.

ఇది పట్నం బడులకే సాధ్యమనుకోవద్దు. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 మాధ్యమిక పాఠశాలల్లో పిల్లలు స్వయంగా ప్రయోగాలు చేసి నేర్చుకునే సైన్సు చదువు మొదలైంది. ప్రభుత్వం 2002లో ఆపేసేదాకా అది పల్లెబడుల్లోనూ నడిచింది.

ఈ పాఠానికి రెండు పీరియడ్లు పడుతుంది. సిలబస్ వెనకబడుతుందని కొందరు అయ్యవార్లు అంటారు. ఆ ఇబ్బంది నాకు తెలుసు. అన్ని పాఠాలూ ఇలా అక్కర్లేదు. నెలకొకటైనా చాలు.

తల్లిదండ్రులకొక మాట. మీ పిల్లల సైన్సు నోటుబుక్కు తెరిచి చూడండి. అందరి పుస్తకాల్లోనూ ఒకే జవాబు, ఒక్క కొట్టివేతా లేకుండా ఉంటే, వాళ్లు బోర్డుమీది రాత ఎక్కించుకున్నారంతే. తప్పిన ఊహ ఒకటి, దాని కింద "ఎందుకు తప్పింది" అన్న నాలుగు వాక్యాలు కనిపిస్తే, ఆ బడిలో సైన్సు జరుగుతున్నట్టు.