వీడియో సాక్ష్యం కాదు

ఆటిజం ఉన్న బిడ్డకు స్టెమ్ సెల్ చికిత్స చేయించాలనుకునే విజయవాడ తల్లిదండ్రులు నాకు చూపేది ‘చికిత్సకు ముందు, తరువాత’ అనే వీడియో. ఆ మధ్యకాలంలో బిడ్డ ఎదిగాడు, మాటల శిక్షణ కూడా సాగింది. మార్పు దేనివల్ల వచ్చిందో వీడియో చెప్పలేదు.

అది తేలాలంటే పోల్చి చూడాలి. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ వైద్యులు 180 మంది పిల్లలలో కొందరికి బొడ్డుతాడు రక్తాన్ని, మిగిలినవారికి మందు లేని ద్రావణాన్ని ఎక్కించారు. ఎవరికి ఏది అందిందో తల్లిదండ్రులకు తెలియనివ్వలేదు. 2020లో ఫలితం వెలువడింది: నలుగురితో మెలిగే నేర్పులో ఇరువర్గాల మధ్య చెప్పుకోదగిన తేడా లేదు.

భారత వైద్య పరిశోధన మండలి 2017 నాటి మార్గదర్శకాల ప్రకారం, అనుమతి పొందిన పరిశోధనలో తప్ప ఆటిజానికి ఈ చికిత్స చేయరాదు. ‘ఇది పరిశోధనే’ అని ఎవరైనా చెబితే సి.టి.ఆర్.ఐ. నమోదు సంఖ్య అడగండి. పరిశోధన పేరుతో రుసుము అడిగితే, బిడ్డను తీసుకుని లేచి రండి.