‘స్త్రీ’ ఒకటా, మూడా, ఆరా?

గళ్ల నుడికట్టు నింపేవాళ్లని ‘శ్రీలక్ష్మి’కి ఎన్ని గళ్లు కావాలో అడగండి. మూడని ఠక్కున చెబుతారు. శ్రీ, ల, క్ష్మి. అదే పేరు కంప్యూటర్‌కి ఇస్తే పదకొండు అంటుంది!

దాని లెక్క దానిది. యూనికోడ్‌లో హల్లుకో సంఖ్య, గుణింతపు గుర్తుకో సంఖ్య, పొల్లుకో సంఖ్య ఉన్నాయి. ఒత్తులకి మాత్రం విడిగా లేవు. హల్లు, దాని వెనక పొల్లు, ఆ వెనక మరో హల్లు వస్తే ఫాంటే రెండోదాన్ని ఒత్తుగా గీసి చూపిస్తుంది. కాబట్టి ‘క్ష్మి’ అంటే క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి... మొత్తం ఆరు. ‘శ్రీ’కి నాలుగు, ‘ల’కి ఒకటి.

తంటా ఎక్కడొస్తుందంటే దరఖాస్తుల్లో. పేరు గడికి పది అక్షరాలే అని హద్దు పెట్టారనుకోండి. చివరి గుడి ఊడిపోయి ‘శ్రీలక్ష్మ’ మిగులుతుంది. తొమ్మిదైతే ‘శ్రీలక్ష్’, ఎనిమిదైతే ‘శ్రీలక్ష’. చాలాచోట్ల తప్పు జరిగిందన్న హెచ్చరిక కూడా రాదు. ‘శ్రీలక్ష’ చూడ్డానికి పేరులాగే ఉంటుంది మరి! సర్టిఫికెట్ చేతికొచ్చి, పాత కాగితాలతో పోల్చినప్పుడే బయటపడుతుంది.

కొన్నిచోట్ల హద్దు బైట్లలో ఉంటుంది. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కోటి 3 బైట్లు. అంటే శ్రీలక్ష్మికి 33. ఇరవై దగ్గర కోస్తే కత్తి ఓ సంకేతం మధ్యలో పడుతుంది. అప్పుడు ‘శ్రీలక’ తర్వాత నల్లటి డైమండ్‌లో ప్రశ్నార్థకం కనిపిస్తుంది. ఈ డైమండ్ వస్తే బైట్ల లెక్కన కోశారని పోల్చుకోవచ్చు. ఎస్సెమ్మెస్‌దీ ఇదే కథ. ఇంగ్లిషుకి 160 అక్షరాలు పట్టే చోట తెలుగుకి 70 సంకేతాలే పడతాయి. అందులో శ్రీలక్ష్మి ఒక్కతే పదకొండు తినేస్తుంది.

ఏ సాఫ్ట్‌వేర్ ఎలా లెక్కపెడుతుందో తేల్చడానికి ‘స్త్రీ’ అన్న ఒక్క మాట చాలు. జావాస్క్రిప్ట్‌లో ఇలా అడిగితే 6 వస్తుంది:

```
"స్త్రీ".length
```

18 వస్తే బైట్లు లెక్కపెడుతోందన్నమాట. 3 వస్తే అది కంటికి కనిపించే అక్షరాలు లెక్కించే పాత యూనికోడ్ సూత్రం. అది పొల్లు దగ్గరల్లా విడగొట్టి స్, త్, రీ అని చదివేది. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 ఈ సూత్రాన్ని సవరించింది. తెలుగు, దేవనాగరి లాంటి లిపుల్లో సంయుక్తాక్షరాన్ని విడగొట్టకూడదంది. దాన్ని పాటించే సాఫ్ట్‌వేర్ ‘స్త్రీ’ని ఒకటిగా లెక్కిస్తుంది. పాత లైబ్రరీలతో నడిచేవి ఇంకా మూడే అంటాయి.

పద్యం రాసేవాళ్లకి ఈ కొత్త లెక్కా పూర్తిగా సరిపోదు. ‘రామ్’ని అది రా, మ్ అని రెండుగా చూస్తుంది. నుడికట్టుకి అది బాగానే ఉంటుంది. ఛందస్సులో మాత్రం పొల్లు ముందు అక్షరంతో కలిసిపోతుంది కాబట్టి అది ఒక్కటే గురువు. ఉత్పలమాల పాదానికి ఇరవై అక్షరాలు సరిపోయాయో లేదో చూసే ప్రోగ్రాం రాసేవాళ్లు చివరి పొల్లుని విడిగా పట్టుకుని ముందుదానికి అతికించుకోవాల్సిందే.