బస్తా ఎన్ని రోజులొచ్చింది?

అన్నం మానేస్తే సన్నబడతామా? కొర్రలు తింటే పొట్ట తగ్గుతుందా? నా దగ్గరికి బరువు గురించి వచ్చే ప్రతి పదిమందిలో ఏడెనిమిది మంది అడిగేది ఇదే. కొందరైతే అడగడానికి ముందే మొదలుపెట్టేసి వస్తారు. "మేడమ్‌, నెల రోజుల నుంచి రాత్రిపూట కొర్రన్నమే. కాటా ముల్లు మాత్రం కదలట్లేదు" అంటారు.

కదలకపోవడానికి కారణం చాలా సింపుల్‌. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో మన ఆహార పదార్థాల పట్టిక ఒకటి వేసింది. అందులో 100 గ్రాముల మామూలు తెల్ల బియ్యానికి 356 కేలరీలు. సజ్జలకి 348, జొన్నలకి 334, రాగులకి దాదాపు 320. కొర్రలూ 330 దగ్గరే ఉంటాయి. అంటే, వండకముందు తూకంలో చూస్తే బియ్యానికీ చిరుధాన్యాలకీ ఉన్న తేడా చాలా తక్కువ. ధాన్యం మార్చి, కంచంలో కొలత అలాగే ఉంచితే శరీరానికి పెద్దగా ఏమీ మారినట్టు కాదు.

పీచు సంగతి వేరు. అదే పట్టికలో బియ్యంలో పీచు 3 గ్రాముల లోపే ఉంటే జొన్న, సజ్జ, రాగుల్లో 10 గ్రాముల పైనే ఉంది. పీచు ఎక్కువుంటే నమలాలి, కడుపు త్వరగా నిండుతుంది, తొందరగా ఆకలెయ్యదు. చిరుధాన్యాల వల్ల బరువుకి మేలు జరిగితే ఈ దారిలోనే జరగాలి. అంటే వాటివల్ల మీరు తక్కువ తినాలి. తక్కువ తినకపోతే ఆ మేలు లేదు.

ఒక ఇంటి లెక్క

ఈమధ్య వచ్చిన ఒక అబ్బాయి సంగతి చెప్తాను. 27 ఏళ్లు, బరువు 82 కిలోలు, ఎత్తు ఐదడుగుల ఆరంగుళాలు, రోజంతా కంప్యూటర్‌ ముందు ఉద్యోగం. ఇంట్లో అమ్మ, నాన్న, నాయనమ్మ, తను. అందరూ మూడుపూటలా ఇంట్లోనే తింటారు.

నేను మొదట అడిగింది "ఏం తింటావ్‌" అని కాదు, "మీ ఇంట్లో 25 కిలోల బియ్యం బస్తా ఎన్ని రోజులొస్తుంది" అని. ఎవరేం తింటారో అడిగితే అందరూ "కొంచెమే తింటా" అంటారు. బస్తా అలా అనదు. వాళ్లమ్మకి ఫోన్‌ చేశాడు. 24 రోజులట.

25 కిలోలని 24 రోజులకి పంచితే రోజుకి కిలో మీద కొంచెం. నలుగురికి పంచితే మనిషికి సుమారు 260 గ్రాముల బియ్యం. ఇదే సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో రోజుకి 2000 కేలరీలు తినే మనిషికి అన్నిరకాల ధాన్యాలూ కలిపి 250 గ్రాములు చాలంది. వీళ్లింట్లో అన్నానికే అది దాటిపోయింది. పొద్దున్న ఉప్మా రవ్వ, గోధుమపిండి ఇంకా లెక్కలోకి రాలేదు.

పైగా నాయనమ్మ తినేది గుప్పెడు. కాబట్టి మనవడి వాటా ఎక్కువే అయ్యుండాలి. రెండు రోజులు అన్నం వడ్డించుకునే ముందు కాటా మీద పెట్టి చూడమన్నాను. పూటకి 400 గ్రాముల పైనే వచ్చింది. బియ్యం ఉడికితే బరువు రెండున్నర నుంచి మూడు రెట్లవుతుంది కాబట్టి, అది దాదాపు 150 గ్రాముల బియ్యం. రైస్‌ కుక్కర్‌తో వచ్చే ప్లాస్టిక్‌ కప్పుకి నిండా ఒకటి. పూటకి 530 కేలరీలు, రెండు పూటలకి 1060. అతని పనికి రోజుకి రెండువేల చిల్లర సరిపోతుంది. అందులో సగం ఒక్క అన్నంలోంచే వస్తోంది.

కొర్రలతో ఏమైంది

నా దగ్గరికి రాకముందు అతను నెల రోజులు రాత్రి అన్నం మానేసి కొర్రన్నం తిన్నాడు. అదే కుక్కర్‌ కప్పుతో, నిండా ఒకటి. 150 గ్రాముల కొర్రలంటే సుమారు 500 కేలరీలు. మిగిలింది 30. ఒక టీస్పూన్‌ నూనెలో 45 ఉంటాయి. అంటే నెల రోజుల త్యాగం పూటకి ఒక చెంచా నూనెపాటి కూడా కాదు.

ఇంకో సంగతి. కొర్రన్నం పొడిపొడిగా ఉందని, పిల్లాడికి గొంతు దిగట్లేదని వాళ్లమ్మ రోజూ రెండు టీస్పూన్ల నెయ్యి వేసిందట. నెయ్యితో 90 కేలరీలు వచ్చి చేరాయి. 30 తగ్గి 90 పెరిగాయి. కాటా కదలకపోవడంలో వింతేముంది? చెప్పాలంటే కాటా నిజమే చెప్పింది.

చాలా ఇళ్లలో చిరుధాన్యాలు ఇలాగే ఓడిపోతాయి. కొర్ర పొంగలి, సామల పులిహోర, చక్కెర వేసిన రాగి మాల్ట్‌, మిల్లెట్‌ బిస్కెట్లు. పేరులో ధాన్యం ఉంటుంది, గిన్నెలో నెయ్యి, నూనె, చక్కెర ఉంటాయి.

కొనే సరుకునీ చూసుకోవాలి. పైపొర బాగా తీసేసి పాలిష్‌ పట్టిన కొర్రలు, సామలు, ఊదలు కొన్నచోట పీచు చాలావరకు తవుడుతో పోయినట్టే. గింజ లేతరంగులో నున్నగా మెరుస్తూ, బియ్యంలా చప్పున ఉడికిపోతుంటే పాలిష్‌ పట్టిందని అనుమానించండి. పాలిష్‌ పట్టని గింజ కాస్త మసకగా ఉంటుంది, కడిగితే నీళ్లలో తవుడు కనిపిస్తుంది, కొన్ని గంటలు నానబెడితే గానీ మెత్తబడదు. పాడయ్యేది కూడా అదే త్వరగా. సజ్జపిండి కొన్నాళ్లకే చేదెక్కేది అందులోని కొవ్వు వల్లే. అందుకే కొంచెం కొంచెంగా కొనుక్కోవాలి.

అన్నం ఎక్కడ పెరుగుతుంది

మన భోజనంలో అన్నం పెరిగే చోటు ఒకటుంది. పప్పులోకి కొంచెం, కూరలోకి కొంచెం, చారులోకి కొంచెం, చివర పెరుగులోకి కొంచెం. నాలుగూ "కొంచెమే". కానీ ప్రతిదానికీ విడిగా అన్నం పెట్టుకుంటాం. ఆవకాయో, గోంగూరో ఉంటే ఐదోసారి. వండింది ఏదైనా తినాలంటే అన్నం తోడుండాలి కాబట్టి, వంటకాలు పెరిగేకొద్దీ అన్నమూ పెరుగుతుంది. కొర్రన్నాన్నీ ఇలాగే నాలుగుసార్లు కలుపుకుంటాం కాబట్టి అదీ తగ్గదు.

జొన్నరొట్టె దగ్గర ఈ లెక్క మారుతుంది. రొట్టెని లెక్కపెట్టుకుని తింటాం. చారులో కలుపుకోం, పెరుగులో పిసుక్కోం. నమలడానికి టైమ్‌ పడుతుంది. రాత్రి రొట్టెకి మారిన చాలామంది తగ్గడానికి కారణం జొన్న గొప్పతనం కంటే ఈ పద్ధతే అని నా అనుభవం. అయినా రొట్టెనీ తూచాలి. కొన్ని ఇళ్లలో ఒక్కో రొట్టెకి 60 గ్రాముల పిండి పడుతుంది. అలాంటివి రెండు తింటే 400 కేలరీలు. మూడైతే 600. వదిలేసిన అన్నాన్ని దాటిపోయినట్టే.

అతనికి ఇలా రాసిచ్చాను. మధ్యాహ్నం అన్నమే, కానీ కుక్కర్‌ కప్పులో సగం బియ్యానికి వచ్చేంత. అంటే 75 గ్రాములు. దాన్ని రెండుసార్లే కలుపుకోవాలి, పప్పులోకి ఒకసారి, కూరలోకి ఒకసారి. రాత్రి 40 గ్రాముల పిండితో చేసిన జొన్నరొట్టెలు రెండు. అలా మధ్యాహ్నం 265, రాత్రి 260, మొత్తం 525 కేలరీలు తగ్గాయి.

అంతా తగ్గించి వదిలేస్తే సాయంత్రం ఐదింటికి ఆకలి దంచేస్తుంది, ఆఫీసు కిందున్న మిర్చి బజ్జీ బండి పిలుస్తుంది. అందుకే సగం వెనక్కిచ్చాను. ఇంకో గిన్నె గట్టిపప్పు, ఒక ఉడికించిన గుడ్డు, రెట్టింపు కూర. వీటికి 250 దాకా పోయాయి. మిగిలింది రోజుకి 275. శరీరంలో కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7700 కేలరీల లోటు కావాలి. అంటే నెలకి కిలో.

"నెలకి కిలోనేనా" అన్నాడు. ఫోన్లో చూసే వీడియోల్లో వారానికి మూడు కిలోలు చెప్తారు మరి. అన్నం ఒక్కసారిగా మానేస్తే మొదటి వారంలో రెండు కిలోలు తగ్గడం నిజమే. అందులో ఎక్కువ భాగం నీళ్లు. శరీరం దాచుకున్న పిండిపదార్థం ఖర్చవుతూ, తనతోపాటు పట్టి ఉంచిన నీటినీ వదిలేస్తుంది. ఒక పెళ్లి భోజనం చేసి రండి, మర్నాడు సగం వెనక్కొస్తుంది. అందుకే మొదటి వారం అంకెని నమ్మొద్దు. మూడో వారం నుంచి, వారానికోసారి, పొద్దున్నే ఖాళీ కడుపుతో చూసిన అంకే లెక్క.

మధ్యలో ఒకసారి పదిరోజులు ఆగిపోయాడు. తిన్నవి రాయమంటే తేలింది. రొట్టెలయ్యాక వాళ్లమ్మ "ఒక్క ముద్ద పెరుగన్నం తినరా, లేకపోతే తిన్నట్టుండదు" అంటోందట. ఆ ఒక్క ముద్ద కాటా మీద 180 గ్రాములు. కేలరీల్లో పెరుగు కాకుండానే 230. మిగులంతా అక్కడే పోతోంది. ఆవిడతోనే మాట్లాడాను. "పెరుగు మాన్పించొద్దమ్మా, గిన్నెలో విడిగా ఇవ్వండి, దోసకాయ ముక్కలు వేసి." అన్నం పోయింది, పెరుగు ఉంది, కాటా మళ్లీ కదిలింది. మూడు నెలలకి 82 నుంచి 79.

షుగర్‌ ఉన్నవాళ్లకి

బరువుకీ షుగర్‌కీ చిరుధాన్యాల లెక్క ఒకటి కాదు. పాలిష్‌ పట్టని గింజ రూపంలో తింటే తెల్లన్నం కంటే రక్తంలో చక్కెర నెమ్మదిగా పెరుగుతుంది. బరువు తగ్గకపోయినా ఆ మేలు ఉండొచ్చు. మెత్తగా పిండి పట్టి జావ కాచుకుంటే అదీ కొంత తగ్గుతుంది. షుగర్‌కి మాత్రలు గానీ ఇన్సులిన్‌ గానీ వాడే అమ్మానాన్నలు ఇంట్లో ఉంటే వాళ్ల అన్నాన్ని మీ ఇష్టంగా సగానికి కోసేయకండి. మందు డోసు పాత అన్నానికి సరిపడా రాసింది. అన్నం తగ్గి మందు తగ్గకపోతే చెమటలు, వణుకు, కళ్లు తిరగడం రావచ్చు. ముందు డాక్టర్‌కి చెప్పి డోసు చూపించుకోవాలి.

మిగతావాళ్లు కొర్రల ప్యాకెట్‌ ఆర్డర్‌ పెట్టేముందు ఒక పని చేయండి. ఈసారి బస్తా విప్పినప్పుడు దానిమీద స్కెచ్‌ పెన్నుతో తేదీ రాయండి. అయిపోయిన రోజు ఇంట్లో తినేవాళ్ల సంఖ్యతో భాగించండి. తర్వాతి బస్తా ఇంకో వారం ఎక్కువొస్తే, తగ్గిన అన్నం చోట ఉప్మా రవ్వో, మైదానో దూరకపోతే, మీ ఇంట్లో నిజంగా ఏదో మారినట్టు. బస్తా పక్కన కొర్రల డబ్బా ఉన్నా లేకపోయినా సరే.