పాత బంగారం ఇస్తే తరుగు, కొంటే ప్రీమియమా?

మా మేనకోడలి పెళ్ళికి గొలుసు కొందామని పోయిన నెల వదినతో కలిసి షాపుకి వెళ్ళాను. మా అత్తయ్యగారి పాత గొలుసు ఒకటి మార్పిడికి పట్టుకెళ్ళాం. త్రాసు మీద 42 గ్రాములు తూగింది. లక్కా, రాళ్ళూ తీసేస్తే 38 గ్రాములు. కరిగించి మీటర్లో పెడితే 88 శాతం అని చూపించింది. అంటే అసలు బంగారం 33.44 గ్రాములు, 22 క్యారెట్ల లెక్కలో 36.5 గ్రాములు. ఇంతవరకూ నాకు పేచీ లేదు. పాతకాలం నగల్లో టంకం ఎక్కువ, అది మన ఖర్మ. ఆ తర్వాత "రిఫైనింగ్ నష్టం" అని ఇంకో 2 శాతం కోశారు. ముప్పావు గ్రాము దాకా పోయింది. సరేలే అనుకున్నాం.

పక్క కౌంటర్లో ఇంకో గొలుసు చూపించారు. 20 గ్రాములు. "మేడమ్, ఇది రీసైకిల్డ్ గోల్డ్. భూమిని తవ్వకుండా చేసింది. గ్రాముకి 300 ఎక్కువ, అంతే" అన్నాడా అబ్బాయి. అంటే 6,000 రూపాయలు.

రీసైకిల్డ్ అంటే ఏమిటి బాబూ అని అడిగాను. "పాత నగలు కరిగించి చేస్తామండీ" అన్నాడు.

వదినా నేనూ మొహమొహాలు చూసుకున్నాం. పది నిమిషాల క్రితం మేమిచ్చింది మరేమిటి? మా చేతిలో ఉన్నప్పుడు అది తరుగు తీయాల్సిన పాత బంగారం. వాళ్ళ అద్దాల పెట్టెలోకి వెళ్ళేసరికి భూమాతను కాపాడే బంగారం!

కోపం తగ్గాక ఈ సంగతేమిటో కూర్చుని చదివాను. ప్రీమియం మొత్తం మోసం అని నేననను. నిజంగా ఖర్చయ్యే చోట్లు ఉన్నాయి. అవి తెలిస్తేనే ఎక్కడ ఖర్చు లేదో కూడా తెలుస్తుంది.

ముందు ఒక మాట. బంగారాన్ని శుద్ధి చేశాక దాని పుట్టుక అందులో మిగలదు. అత్తయ్యగారి గొలుసైనా, ఆఫ్రికాలో నిన్న తవ్విన ముద్దయినా ఒకే మూసలో పోస్తే ఒకే కడ్డీ. ఏ మీటరూ తేడా చెప్పలేదు. కాబట్టి "మూలం" అనే సర్టిఫికెట్ ఏదైనా లోహాన్ని పరీక్షించి ఇచ్చేది కాదు, కాగితాలను పరీక్షించి ఇచ్చేది. ఎవరి దగ్గర, ఎన్ని గ్రాములు, ఎప్పుడు కొన్నారు, దేంతోనూ కలపకుండా కరిగించారా లేదా అన్నది బయటి ఆడిటర్ చూడాలి. విడిగా కరిగించాలంటే కొలిమి ఆపి శుభ్రం చేయాలి, చిన్న చిన్న మోతాదుల్లో పని చేయాలి, ఆడిట్ ఫీజు కట్టాలి. ఇవి నిజమైన ఖర్చులే. వీటికి నాలుగు రూపాయలు ఎక్కువ అడిగితే అర్థముంది.

మరి ఆ కాగితం ఏది? మా అబ్బాయి హాల్‌మార్క్ చూపించాడు. మనలో చాలామంది అక్కడే ఆగిపోతాం. బీఐఎస్ గుర్తు, 22K916, ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ, ఈ మూడూ చెప్పేది స్వచ్ఛత గురించి మాత్రమే. 916 అంటే వెయ్యి పాళ్ళలో 916 పాళ్ళు బంగారం అని. అది ఎక్కణ్ణుంచి వచ్చిందో హాల్‌మార్క్ ఒక్క ముక్క కూడా చెప్పదు.

తర్వాత గోడ మీద ఫ్రేము కట్టిన సభ్యత్వ పత్రం చూపించాడు. రెస్పాన్సిబుల్ జ్యువెలరీ కౌన్సిల్ అనే సంస్థకి రెండు రకాల సర్టిఫికెట్లున్నాయి. ఒకటి నడవడిక నియమావళి, అది కంపెనీ గురించి. జీతాలు, భద్రత, లంచాలు లాంటివి చూస్తారు. రెండోది "చెయిన్ ఆఫ్ కస్టడీ", అది లోహం చేతులు మారిన దారి గురించి. రెండోది ఉన్నవాళ్ళు బంగారం ఇచ్చేటప్పుడు దానితో పాటు బదిలీ పత్రం ఇస్తారు. మొదటిది గోడకి తగిలించి రెండోది ఉన్నట్టు మాట్లాడటమే ఇక్కడి కిటుకు. ఒక ఇంట్లో వంటమనిషి శుభ్రంగా ఉంటుందని ఎవరో రాసిచ్చారనుకోండి, ఆ బియ్యం ఏ పొలానివో దాంతో తెలుస్తుందా?

ఆడిట్ ఉంటే చాలా అంటే, అదీ చాలదు. దుబాయ్‌లో ఒక రిఫైనరీ 2012 లెక్కలు చూడటానికి వెళ్ళిన అమ్జద్ రిహాన్ అనే ఆడిటర్‌కి, మొరాకో నుంచి టన్నుల కొద్దీ బంగారం వెండిపూత పూసుకుని వచ్చినట్టు తెలిసింది. ఎగుమతి నిబంధనలు తప్పించుకోవడానికి వేసిన పూత. ఆయన అది బయటపెట్టాలన్నాడు, సొంత సంస్థే అడ్డుపడింది. ఉద్యోగం పోయింది. 2020లో లండన్ హైకోర్టు ఆ ఆడిట్ సంస్థనే తప్పు పట్టి, ఆయనకి కోటి డాలర్ల పైనే పరిహారం ఇవ్వమంది. తవ్విన బంగారాన్ని మోటుగా కరిగించి "పాత నగల తుక్కు" అని చెప్పుకోవడం ఈ వ్యాపారంలో తెలిసిన దొడ్డిదారే. రీసైకిల్డ్ అన్న మాట దగ్గర ప్రశ్నలు ఆగిపోతాయి కాబట్టే ఆ దారి వాళ్ళకి సుఖం.

ఇక భూమిని కాపాడటం. కాగితం, ప్లాస్టిక్ అయితే మనం పారేస్తాం, ఎవరో ఏరి మళ్ళీ వాడితే మేలే. బంగారాన్ని ఏ ఇల్లాలు చెత్తబుట్టలో వేసింది? ఏటా ప్రపంచంలో అమ్మకానికొచ్చే బంగారంలో దాదాపు పాతిక శాతం పాతదే. ఎవరూ ప్రీమియం ఇవ్వకపోయినా అది కరుగుతూనే ఉంటుంది. నేను 6,000 ఎక్కువిచ్చినంత మాత్రాన ఒక్క గని కూడా మూతపడదు.

ఆ డబ్బు మంచికే పోవాలంటే వేరే దారుంది. ఫెయిర్‌మైన్డ్ అనే ముద్ర ఉంది. చిన్న చిన్న గనుల్లో చేత్తో తవ్వుకునే వాళ్ళ సంఘాలకి కిలో మీద 4,000 డాలర్లు, ధర కాకుండా, అదనంగా ముడుతుంది. పాదరసం జాగ్రత్తలు, పిల్లలతో పని చేయించకపోవడం లాంటి షరతులు వాళ్ళు పాటించాలి. 20 గ్రాముల మన గొలుసులో మేలిమి 18.3 గ్రాములు. గ్రాముకి 4 డాలర్లు, డాలర్ 85 రూపాయలనుకుంటే సుమారు 6,200. చూశారా, షాపు అడిగిందీ ఇంచుమించు అంతే. ఒకటి తవ్వినవాళ్ళ ఊరికి వెళ్తుంది, ఇంకొకటి ఎక్కడికి వెళ్తుందో అడిగితే అబ్బాయి మేనేజర్ని పిలిచాడు. మేనేజర్ టీ ఇప్పించాడు.

ఇంకో చేదు నిజం. ఏ ప్రీమియమైనా, మంచిదైనా చెడ్డదైనా, తిరిగి అమ్మితే రాదు. మజూరీలాగా అక్కడే పోతుంది. అందుకే దాన్ని పెట్టుబడి అని చెబితే నమ్మకండి. దానం అని చెబితే, ఎవరికి దానమో అడగండి.

నేను ఇకమీదట అడిగేవి మూడే. ఈ గొలుసులోని బంగారానికి బదిలీ పత్రం ఉందా, లేక మీ కంపెనీకి సభ్యత్వం మాత్రమే ఉందా? దీన్ని విడిగా కరిగించారా, వేరే బంగారంతో కలిపారా? నేనిచ్చే 300లో షాపు గడప దాటి బయటికి వెళ్ళేది ఎంత? జవాబులు బిల్లు మీద రాసిస్తే ఇస్తాను. నోటితో చెబితే ఇవ్వను.

చివరికి వదినా నేనూ ఏం చేశామంటే, మామూలు గొలుసే తీసుకున్నాం, అత్తయ్యగారి బంగారం లెక్కలో పెట్టి. మేనకోడలికి చెప్పాం, "ఇది మీ అమ్మమ్మ గొలుసు బంగారంతో కొన్నదేనే" అని. రీసైకిల్డ్ అనే మాట మేం వాడలేదు.