మజూరి లేదంటే జేబు తడుముకోండి

బంగారం కొనేటప్పుడు మనవాళ్ళు వేసే ప్రశ్నలకి షాపువాడికి చెమటలు పడతాయి. ఎన్ని క్యారెట్లు, తరుగు ఎంత, రాళ్ళ బరువు తీసేశారా, ముద్ర ఎక్కడుంది... వదలరు. అదే మనుషులు పక్క కౌంటరులో వెండి పట్టీలు కొనేటప్పుడు మాత్రం దానకర్ణులైపోతారు. "వెండే కదా" అనేది ఒక మాట. దానికి తోడు గోడ మీద బోర్డు ఒకటి: "పట్టీలకి మజూరి లేదు, తరుగు లేదు". ఇంకేం కావాలి? ఎగబడి కొనేయడమే.

నా వాదన ఒక్కటే. మజూరి లేని పట్టీ అనేది ప్రపంచంలో లేదు. తీగ లాగాలి, లింకులు అల్లాలి, మువ్వలు అతకాలి, మెరుగు పెట్టాలి. ఇదంతా ఎవరో ఒకరు కూలి తీసుకుని చేసిన పనే. ఆ కూలి బిల్లులో కనబడకపోతే ఇంకెక్కడో దాక్కుని ఉందన్నమాట. ఎక్కడంటే, వెండిలోనే.

కాస్త వివరంగా చెప్తాను. వెండి వ్యాపారంలో స్వచ్ఛతని "టచ్" అంటారు. నూటికి ఎన్ని పాళ్ళు వెండి ఉందో ఆ సంఖ్యే టచ్. 92.5 టచ్ అంటే నూరు గ్రాముల్లో తొంభై రెండున్నర గ్రాముల వెండి, మిగతాది ఎక్కువగా రాగి. వస్తువు మీద దీన్నే 925 అని కొడతారు. షాపు బోర్డు మీద, పేపర్లో కనిపించే రేటు మాత్రం మామూలుగా మేలిమి వెండిది, అంటే 999ది. మోసమంతా ఈ రెండిటి మధ్య సందులో జరుగుతుంది. 70 టచ్ పట్టీని తూకం వేసి, మొత్తం బరువుకీ మేలిమి రేటు కట్టి, "మజూరి మాత్రం ఫ్రీ సార్" అంటారు. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే ఒక యూనిట్లో ఉన్న సంఖ్యని ఇంకో యూనిట్ రేటుతో గుణించడం. ప్రోగ్రాములో ఎవడైనా ఇలా చేస్తే బగ్ అంటాం. షాపులో చేస్తే ఆఫర్ అంటున్నాం.

ఒక లెక్క వేసి చూద్దాం. వెండి రేటు రోజూ మారుతుంది కాబట్టి, లెక్క సులువు కోసం మేలిమి గ్రాము 200 రూపాయలు అనుకుందాం. పట్టీల జత బరువు 100 గ్రాములు.

మొదటి షాపు "మజూరి లేదు" షాపు. వంద గ్రాములు, గ్రాముకి 200, మొత్తం 20,000. మూడు శాతం జీఎస్టీ 600. బిల్లు 20,600. పట్టీలు 70 టచ్. అంటే అందులో ఉన్న వెండి 70 గ్రాములు, విలువ 14,000. మిగిలిన ఆరు వేలు దేనికిచ్చాం? ముప్ఫై గ్రాముల రాగికీ, కనబడని మజూరికీ. గ్రాముకి 60 రూపాయలు పడిందన్నమాట ఆ "ఫ్రీ" మజూరి!

రెండో షాపువాడు 925 అని ముద్ర ఉన్న పట్టీ చూపించి, 92.5 టచ్‌కి తగ్గట్టు గ్రాము 185 వేశాడు. వెండి 18,500. మజూరి గ్రాముకి 15 చొప్పున 1,500. కలిపితే 20,000, జీఎస్టీ 600. బిల్లు 20,600.

రెండు బిల్లులూ పైసా తేడా లేకుండా ఒకటే! కానీ ఒకదానిలో 70 గ్రాముల వెండి ఇంటికొచ్చింది, రెండోదానిలో తొంభై రెండున్నర. ఈ రెండో షాపు నుంచే మనవాళ్ళు "అబ్బే, వీడు మజూరి వేస్తున్నాడు" అని లేచి వచ్చేస్తారు. నిజం చెప్పినవాడికి బేరం పోయింది, దాచినవాడికి గిరాకీ వచ్చింది. ఇక నిజం చెప్పే షాపు ఎన్నాళ్ళు నిలబడుతుంది?

ఈ మోసం కొన్న రోజున తెలియదు. మార్చే రోజున తెలుస్తుంది. మా పక్కవీధిలో ఉండే అక్కతో, పిల్లాడి కాలేజీ ఫీజు కోసం ఆవిడ పాత పట్టీలు అమ్మేటప్పుడు ఒక షాపుకి వెళ్ళాను. కొన్నదీ అక్కడే. బరువు 82 గ్రాములు. కరిగించి 68 టచ్ అన్నారు, అంటే 56 గ్రాములకి కాస్త తక్కువ వెండికే లెక్క కట్టారు.

"ఇవి మీ దగ్గర కొన్నవే కదన్నా?" అంది అక్క.

"అవునమ్మా. పట్టీల వెండి ఇంతే వస్తుంది."

"మరి కొన్నప్పుడు మొత్తం బరువుకీ వెండి రేటే వేశారు కదా?"

"అప్పుడు మజూరి తీసుకోలేదు కదమ్మా!"

ఇంతకంటే స్పష్టంగా ఎవరూ ఒప్పుకోరు. ఆవిడకి బ్యాంకులో డిపాజిట్లు లేవు, కాళ్ళకున్నదే డిపాజిట్. 26 గ్రాముల పైచిలుకు కొన్ననాడే పోయింది, తెలిసింది మాత్రం డబ్బు అవసరమైన రోజున.

వ్యాపారులు చెప్పే సమాధానం ఒకటుంది. "మంచి వెండి మెత్తన సార్, పట్టీలు నిలవవు. పైగా టంకం వేయాలి." ఇందులో సగం నిజం. మేలిమి వెండి మెత్తనే. రాగి కలిస్తే గట్టిపడుతుంది. ప్రతి అతుకు దగ్గరా టంకం పడుతుంది, టంకం టచ్ తక్కువ. అందుకే అతుకులెక్కువున్న పట్టీని మొత్తం కరిగిస్తే టచ్ కాస్త దిగుతుంది. అలాగని ఈ కారణానికే 92.5 నుంచి 68కి దిగదు. 80 టచ్ పట్టీ అమ్మడం తప్పని నేను అనడం లేదు. భారతీయ ప్రమాణంలో 800 అనే గ్రేడు ఉంది, దానికి హాల్‌మార్క్ కూడా వేస్తారు. 80 అని చెప్పి 80 రేటుకి అమ్మండి, నాకే అభ్యంతరమూ లేదు. 70కి మాత్రం ఆ ప్రమాణంలో చోటే లేదు. అందుకే దానికి ముద్ర ఉండదు, నోటి మాటే ఉంటుంది.

ఇప్పుడు ముద్ర సంగతి. వట్టి 925 అనే అంకెలు చూసి మురిసిపోకండి. అది ఒక ఉలి, ఒక సుత్తి దెబ్బ, అంతే. ఎవడైనా కొట్టగలడు. చూడాల్సింది మూడు గుర్తులు కలిపి: బీఐఎస్ త్రికోణం గుర్తు, దానితో సిల్వర్ అనే మాట, 925 లాంటి గ్రేడు, ఆరు అక్షరాలూ అంకెలూ కలిసిన హెచ్‌యూఐడీ. ఈ హెచ్‌యూఐడీ వెండికి 2025 సెప్టెంబరు నుంచి వచ్చింది. ఫోన్లో BIS Care యాప్ తెరిచి Verify HUID లో ఆ కోడ్ కొడితే వస్తువు రకం, స్వచ్ఛత, నగల షాపు, పరీక్ష చేసిన కేంద్రం వివరాలు వస్తాయి. అక్కడ "గొలుసు" అని వచ్చి మీ చేతిలో పట్టీలుంటే కోడ్ కాపీ కొట్టారని అర్థం. పట్టీల్లో ముద్ర మామూలుగా కొక్కెం దగ్గరో, చివరి బిళ్ళ మీదో ఉంటుంది. సన్నగా ఉంటుంది కాబట్టి భూతద్దం అడగండి. ఇవ్వనంటే అదే ఒక సమాధానం.

ముద్ర లేని వస్తువైతే "మిషన్లో పెట్టి చూపిస్తాం సార్" అంటారు. ఆ ఎక్స్‌రే మిషన్ చూసేది పైపొర మాత్రమే, లోపలికి పోదు. వెండి పనిలో చివర్న వస్తువుని కాల్చి ఆమ్లంలో ఉడకబెట్టి తెల్లబరుస్తారు. అప్పుడు పైనున్న రాగి కరిగిపోయి వెండి మిగులుతుంది. అంచేత తక్కువ టచ్ పట్టీ కూడా తెల్లగా మెరుస్తుంది, మిషన్లో ఎక్కువ చూపిస్తుంది. పైన వెండి పూత ఉంటే ఇక చెప్పక్కర్లేదు. లోపలివైపు కనబడని చోట ఆకురాయితో కాస్త గీసి, ఆ గీసిన చోటే పెట్టమనండి. అంకె అక్కడ దిగిపోతే విషయం తెలిసిపోయినట్టే.

అయస్కాంతం పరీక్షని కూడా నమ్ముకోకండి. అంటుకోకపోతే వెండే అనుకుంటారు. రాగీ అంటుకోదు, ఇత్తడీ అంటుకోదు. అటు గొలుసు కొక్కెంలో ఉక్కు స్ప్రింగు ఉంటే మంచి వెండి గొలుసు కూడా అక్కడ అంటుకుంటుంది. నల్లబడింది కాబట్టి నకిలీ అనడమూ తప్పే, గాలిలోని గంధకం వల్ల మంచి వెండి కూడా నల్లబడుతుంది.

ఇక మజూరి. బిల్లులో కనబడే మజూరి మంచిదే, కానీ అదెలా వేశారో చూడాలి. గ్రాముకి ఇన్ని రూపాయలని అడగండి, శాతం ఒప్పుకోకండి. 2025లో వెండి ధర ఎలా పరిగెత్తిందో అందరం చూశాం. 12 శాతం మజూరి అంటే వెండి గ్రాము 100 ఉన్నప్పుడు 12 రూపాయలు, 200 అయితే 24. అల్లినవాడి చేతులు అవే, గంటలు అవే. పెరిగిన 12 రూపాయలు అతనికి చేరతాయని నమ్మేవాళ్ళు చేతులెత్తండి. మజూరి వేశాక మళ్ళీ "తరుగు" అని ఇంకో గీత ఉంటే అది దేనికో అడగండి. ఆకురాయి పొడి కూడా ఊడ్చి మళ్ళీ కరిగించుకునే వ్యాపారం ఇది. మీనా, రాళ్ళు ఉంటే వాటి బరువు తీసేసి నికర బరువు రాయమనండి. కొనేటప్పుడు వెండితో కలిపి తూచిన మీనాని, మార్చేటప్పుడు వాళ్ళే తీసేస్తారు మరి.

ఇవన్నీ బిల్లు మీద ఉండాలి: టచ్, నికర బరువు, ఆ టచ్‌కి రేటు, మజూరి. "వెండి వస్తువు, 100 గ్రాములు" అని రాసిన చీటీ బిల్లు కాదు. హాల్‌మార్క్ ఉన్న వస్తువు చెప్పినదానికంటే తక్కువ టచ్ అని తేలితే, తగ్గిన స్వచ్ఛత విలువకి రెండింతలు, పరీక్ష ఖర్చులు ఇవ్వాలని బీఐఎస్ 2018 నిబంధనల్లో ఉంది. బిల్లు లేకపోతే ఆ నిబంధనతో పకోడీల పొట్లం కట్టుకోవడమే.

బంగారానికి హాల్‌మార్క్ 2021లో తప్పనిసరి చేస్తూ వచ్చారు. వెండికి 2025లో హెచ్‌యూఐడీ తెచ్చి కూడా స్వచ్ఛందం అన్నారు. నాకు కంట్లో నలుసు ఈ మాటే. బంగారం కొనగలిగినవాడికి చట్టం కాపలా కాస్తుంది, వెండితో సరిపెట్టుకునేవాళ్ళకి మాత్రం షాపువాడి మనస్సాక్షి చాలా? నష్టం తట్టుకోలేనివాళ్ళకే రక్షణ ముందు రావాలి కదా!

అది వచ్చేదాకా మన చేతిలో ఉన్న ఆయుధం ఒకే ఒక్క ప్రశ్న. "మజూరి లేదు సార్" అనగానే, "సరే, టచ్ ఎంతో బిల్లు మీద రాసిస్తారా?" అనండి. రాసిస్తే కొనండి. నవ్వి టీ తెప్పిస్తే, టీ తాగి వచ్చేయండి.