గోడ మూసేశాక ఏం చూస్తారు?

అన్నలారా, అక్కలారా, ఈ పోస్టు కొంచెం పొడుగు. హామిల్టన్‌లో కట్టుబడిలో ఉన్న యూనిట్ గానీ టౌన్‌హౌస్ గానీ కొనేవాళ్ళు చివరిదాకా చదవండి.

మేము సైట్ల మీద పనిచేసేవాళ్ళం. మావాళ్ళు ఇల్లు చూడ్డానికి వచ్చేది ఎప్పుడో మాకు తెలుసు. పెయింట్ అయ్యాక, కార్పెట్ పడ్డాక, తాళాలు తీసుకునే ముందు. వచ్చి కుళాయి తిప్పుతారు, వంటింటి దిక్కు చూస్తారు, ఫోటో దిగుతారు. కొన్నది గోడ, చూసేది రంగు. అడిగితే ఒకటే మాట, "కౌన్సిల్ వాళ్ళు చూస్తారు కదా!"

చూస్తారు, కాదనం. కానీ ఏం చూస్తారు? బిల్డింగ్ కన్సెంట్‌కి పని సరిపోయిందా లేదా అని చూస్తారు. దాని మీదే కోడ్ కంప్లయన్స్ సర్టిఫికెట్ ఇస్తారు. మీ అగ్రిమెంట్ వెనక కుట్టిన స్పెసిఫికేషన్‌లో బిల్డర్ మీకేం రాసిచ్చాడో వాళ్ళకి పట్టదు. అది మీకూ బిల్డర్‌కీ మధ్య లెక్క. దాన్ని చూడాల్సింది మీరే.

మొన్నామధ్య మా తెనాలి తమ్ముడొకడు రెండు బెడ్‌రూముల టౌన్‌హౌస్ ప్లాన్ మీదే కొన్నాడు. లాయర్‌తో అగ్రిమెంట్‌లో ఒక లైను రాయించాడు, ప్రీలైన్ టైంలో ఒకసారి లోపలికి వచ్చి చూస్తానని. ప్రీలైన్ అంటే ఫ్రేమింగ్, పైపులు, వైర్లు అయిపోయి, జిబ్ బోర్డు ఇంకా కొట్టని రోజులు. ఇంటి ఎముకలన్నీ కనబడేది అప్పుడే. మమ్మల్ని తోడు పిలిచాడు. సైట్ మేనేజర్ దగ్గర సంతకం పెట్టి, హెల్మెట్, బూట్లు వేసుకుని వెళ్ళాం. చేతిలో రంగుల బ్రోచర్ కాదు, కౌన్సిల్ స్టాంప్ పడ్డ ప్లాన్, స్పెసిఫికేషన్, టేపు.

ముందు బెడ్‌రూం కొలిచాం. ప్లాన్‌లో ఫ్రేము నుంచి ఫ్రేముకి 3,000 మిల్లీమీటర్లు. టేపు మీద 2,910. ఇక్కడొక మాట. జిబ్ రెండు వైపులా పదేసి మిల్లీమీటర్లు తింటుంది, ఆ 20కి గొడవ పడితే నవ్వుతారు. కానీ ఇది జిబ్ లేకుండానే 90 తక్కువ. చూస్తే బాత్రూం పైపుల కోసం గోడకి ఇంకో ఫ్రేము జోడించారు. క్వీన్ మంచం పొడుగు 2,030. దాని కాళ్ళ దగ్గర 950 మిగలాల్సింది 860 మిగిలింది. ఎవరికీ చెప్పలేదు.

తర్వాత బెడ్‌రూంకీ బాత్రూంకీ మధ్య గోడ. శబ్దం రాకుండా బ్యాట్స్ పెడతామని స్పెసిఫికేషన్‌లో ఉంది. గోడ ఖాళీ. లోపలి గోడ కాబట్టి కన్సెంట్ ప్లాన్‌లో ఆ బ్యాట్స్ ఊసే లేదు, ఇన్‌స్పెక్టర్ ఆపడు కూడా.

మూడోది, పక్కింటికీ మనకీ మధ్య గోడ. నిప్పు, శబ్దం ఆపాల్సింది అదే. స్టాంప్ ప్లాన్‌లో ఆ గోడలో స్విచ్ బోర్డులకి నిప్పు తట్టుకునే బాక్సులు అని రాశారు. అక్కడ బిగించింది మామూలు ప్లాస్టిక్ బాక్సులు. అలా వదిలేస్తే గోడ ఎంత గట్టిదైనా బాక్సు ఉన్నచోట కన్నమే.

మూడూ ఒకటే తప్పు అనుకోకండి, దారులు వేరు. బాక్సులు కన్సెంట్‌కి విరుద్ధం, బిల్డర్ మార్చాల్సిందే, మార్చాడు. బ్యాట్స్ అగ్రిమెంట్ లెక్క. ఆ కాగితం చూపిస్తే ఒక పూటలో పెట్టేశారు. అదే పెయింట్ అయ్యాక అయితే గోడ కోయాలి, ఎవడు కోస్తాడు? రూము మాత్రం రాలేదు. కొలతలు ఇంత శాతం దాకా మారొచ్చని అగ్రిమెంట్‌లో బిల్డర్ ముందే రాసుకున్నాడు. మావాడు ఆ లైను చదవకుండా సంతకం పెట్టాడు. ఆ 90 మిల్లీమీటర్లు పోయినట్టే.

"బిల్డింగ్ యాక్ట్‌లో పదేళ్ళ దాకా వారంటీ ఉంది కదా" అంటారు. ఉంది. కానీ అది పోట్లాడ్డానికి దారి. పోట్లాట లేకుండా చేసుకునే దారి ప్రీలైన్.

హైదరాబాద్‌లో ఫ్లాట్ కొంటే మనకి రెరా చట్టం గుర్తొస్తుంది. ఆమోదించిన ప్లాన్‌ని కొన్నవాడి ఒప్పుకోలు లేకుండా మార్చకూడదని అందులో 14వ సెక్షన్ ఉంది. అక్కడైనా మారిందని కనిపెట్టాల్సింది టేపు పట్టినవాడే.

సూపర్‌వైజర్లుగా నిజం ఒప్పుకుంటాం. కొన్నవాళ్ళు సైట్‌కి రావడం మాలో చాలామందికి ఇష్టం ఉండదు, పని ఆగుతుందని. అయినా మేమే చెప్తున్నాం, రండి. తలుపు తట్టి బతిమాలితే ఎవరూ రానివ్వరు, అగ్రిమెంట్‌లో రాయించుకుని రండి. సంతకం ముందు స్టాంప్ ప్లాన్ అడగండి. ఇంకా స్టాంప్ పడలేదంటే, పడ్డాక ఇవ్వాలని రాయించండి. కొలత ఎంత శాతం మారొచ్చో చదవండి. ప్రీలైన్‌కి వారం ముందు కబురు చెయ్యాలని రాయించండి. వచ్చినరోజు ప్రతి గోడకీ టేపు పెట్టి ఫోటో తియ్యండి, లోపల పైపు ఎక్కడుందో రేపు మేకు కొట్టేటప్పుడైనా పనికొస్తుంది.

ఇవేవీ వద్దు, ఏజెంట్ మంచోడు అంటారా? ఏజెంట్ రేపు ఇంకో ఇల్లు అమ్ముకుంటాడు. ఆ గోడ పక్కన పడుకునేది మీరు.