గామా కిరణాలు తాకిన మామిడి

అమెరికాకు వెళ్లే మన మామిడిపండ్లలో టెంకపురుగు ఉండకూడదు. అందుకే మహారాష్ట్రలోని లాసల్‌గావ్ కేంద్రంలో 2007 నుంచి పండ్ల పెట్టెలను కోబాల్ట్-60 ముందు నడిపించి, కనీసం 400 గ్రే గామా మోతాదు ఇస్తున్నారు. పురుగు వెంటనే చావకపోయినా దాని సంతతి ఆగిపోతుంది. అదే కిరణాలతో సిరంజీలు, చేతితొడుగుల మీది సూక్ష్మజీవులను పూర్తిగా తుడిచిపెట్టాలంటే సాధారణంగా 25,000 గ్రే కావాలి. అంత మోతాదుకు పండు పాడవుతుంది.

ఇలాంటి పండు తింటే రేడియేషన్ ఒంట్లో చేరుతుందన్న భయానికి ఆధారం లేదు. కోబాల్ట్ ఉక్కు గొట్టాల్లో మూసి ఉంటుంది, పండును తాకదు. పండును చేరేవి కిరణాలే. వాటి శక్తి 1.17, 1.33 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు. ఆ శక్తి ఎలక్ట్రాన్లను ఊడదీసి జీవకణాల డీఎన్‌ఏను తెంచగలదు. పదార్థం రేడియోధార్మికం కావాలంటే మాత్రం పరమాణు కేంద్రకమే మారాలి. ఆహారంలోని ప్రధాన మూలకాలైన కార్బన్, నైట్రోజన్, ఆక్సిజన్ కేంద్రకాల నుంచి న్యూట్రాన్‌ను వెళ్లగొట్టడానికి 10 మిలియన్‌కు పైగా ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. కాబట్టి బయటికొచ్చిన పెట్టె దగ్గర రేడియేషన్ మీటరు కొత్తగా ఏమీ చూపదు. అందుకే మోతాదు అందిందో లేదో తెలియడానికి పెట్టెలతోపాటు డోసిమీటర్లు పంపాల్సి వస్తుంది.

అసలు పరిమితి వేరే ఉంది. బూజు అప్పటికే వదిలిన విషాన్ని ఈ కిరణాలు తొలగించలేవు. కుళ్లిన సరుకును బాగుచేయలేవు.